ఒక్క ఫోన్‌లోనే లాగిన్ కాకుంటే: డిలీట్ కొట్టే ముందు ఏం చూడాలి, ఏ వరసలో చేయాలి

మా మేనమామ కల్వకుర్తి దగ్గరి ఊర్లో పాలకేంద్రం నడుపుతాడు. పొద్దున, సాయంత్రం రైతులు పోసే పాలు ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత అన్నది ఫోన్‌లో ఒక యాప్‌లో ఎక్కించాలి. ఒకరోజు రాత్రి షాపు షట్టర్ దించుతుంటే బండి మీద వచ్చిండు. యాప్ తెరిస్తే `Session expired. Please login again` అని వస్తుంది, లాగిన్ అయితే మళ్ళీ అదే పేజీకి తిరిగి వస్తుంది. "డిలీట్ కొట్టి మల్ల ఎక్కియ్యి అల్లుడా, అయిపోతది" అన్నడు. వేలు అప్పటికే ఐకాన్ మీద ఉంది.

"జర ఆగు మామా. ఇయ్యాల్టి పాలు ఆఫీసుకు ఎక్కినయా?" అని అడిగిన.

ఎక్కలేదు. నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున, రెండు పూటల లెక్క ఆ ఫోన్‌లోనే ఇరుక్కుని ఉంది. ఊర్లో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఆ యాప్ ముందు ఫోన్‌లో రాసిపెట్టుకుని, నెట్ దొరికినప్పుడు పంపిస్తుంది. మామ డిలీట్ కొట్టి ఉంటే ఆ రెండు పూటలు గల్లంతే.

నేను భయపడటానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది ఇంకో పాలకేంద్రం ఫోన్‌కు నేనే ఈ తప్పు చేసిన. ఒక పూట లెక్క మొత్తం పోయి, రైతుల కార్డులు ఇంటింటికీ తిరిగి తెచ్చి మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు షాపులో వరస మార్చను: ఏమీ పోని పని ముందు, అంతా పోయే పని చివర. మామ ఫోన్‌తో పాటు ఆ వరసలోనే చెప్తాను.

తప్పు ఫోన్‌దా, అకౌంట్‌దా?

అదే ఐడీ, అదే పాస్‌వర్డ్ ఇంకో ఫోన్‌లో కొట్టి చూడండి. అక్కడా కాకపోతే మీ ఫోన్ జోలికి పోకండి. అకౌంట్ ఆగిపోయి ఉండొచ్చు, లేదా ఆఫీసు సర్వరే పడిపోయి ఉండొచ్చు. కాష్ తీసినా, యాప్ తీసినా లాభం లేదు. మామ కొడుకు ఫోన్‌లో వేసి చూస్తే వెంటనే తెరుచుకుంది. అంటే అకౌంట్ బాగుంది, తప్పు ఈ ఫోన్‌లోనే.

ఈ పరీక్షకు ఒక మినహాయింపు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు ఇంకొకరి ఫోన్‌లో ఎక్కించి చూడొద్దు. అవి ఫోన్‌లో ఉన్న సిమ్‌తో ముడిపడి ఉంటాయి, ఇంకో ఫోన్‌లో మొదలుపెడితే మొదటి ఫోన్‌లో బంద్ కావచ్చు. కొన్ని ఆఫీసు యాప్‌లు కూడా ఒక్క ఫోన్‌కే పర్మిషన్ ఇస్తాయి. వాటి విషయంలో అదే యాప్ వాడే తోటివాళ్ళను "మీకు అయితుందా?" అని అడిగితే చాలు.

రెండో పరీక్ష నెట్‌ది. మీ ఫోన్‌ను పక్కవాళ్ళ హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి. దాంతో లాగిన్ అయితే లోపం యాప్‌లో లేదు, మీ నెట్‌లో ఉంది. యాడ్స్ రాకుండా చేస్తామని యూట్యూబ్‌లో చూసి `Private DNS` మార్చుకున్నవాళ్ళు, వీపీఎన్ వేసుకుని మర్చిపోయినవాళ్ళు నా దగ్గరికి చాలామందే వస్తారు. హాట్‌స్పాట్ మార్చినా ఆ రెండూ ఫోన్‌తోపాటే ఉంటాయి కాబట్టి వాటిని విడిగా చూడాలి. వీపీఎన్ ఆపండి, `Private DNS`ను `Automatic`లో పెట్టి చూడండి.

తర్వాత, స్క్రీన్ మీద వచ్చిన మాట పూర్తిగా చదవండి. "ఎర్రర్ వస్తుంది" అంటే నాకు ఏమీ తెలియదు, ఏ ఎర్రర్ అన్నదాంట్లోనే సగం జవాబు ఉంటుంది. `Invalid username or password` అంటే కాష్‌తో సంబంధం లేదు, మీరు పంపిన అక్షరాలే తప్పు. `Too many attempts` అంటే చేయి తీసేయండి. ఇంకోసారి కొడితే తాళం పడే సమయం పెరగొచ్చు. `Session expired` పదేపదే రావడం, తెల్ల పేజీ వచ్చి ఆగిపోవడం, లాగిన్ అయినట్టే అయి వెనక్కి రావడం, ఇవి ఫోన్ లోపలి జబ్బులు. ఈ రాతంతా వాటి గురించే.

యాప్‌ను ముట్టుకోకుండా చేసేవి

పాస్‌వర్డ్ చేత్తో కొట్టండి. ఒక్క ఫోన్‌లోనే లాగిన్ కాకపోవడానికి నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం ఇదే. ఫోన్ పాత పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని, మీరు పెట్టె తట్టగానే దాన్నే నింపుతుంది. చుక్కలు కనిపిస్తాయి కాబట్టి కొత్తదే అనుకుంటాం. పక్కన కంటి బొమ్మ ఉంటే తట్టి అక్షరాలు చూడండి. కీబోర్డు చేసే అల్లరి ఇంకొకటి ఉంది. మొదటి అక్షరం పెద్దది చేస్తుంది, పైన చూపించిన ఐడీని తట్టితే చివర ఒక ఖాళీ జాగా కలుపుతుంది. ఆ ఖాళీ కంటికి కనపడదు, సర్వర్‌కు మాత్రం అది వేరే ఐడీ. ఐడీ చివర కర్సర్ పెట్టి ఒకసారి వెనక్కి కొట్టి చూడండి. ఖాళీ ఉంటే అక్షరం పోకుండా అదొక్కటే పోతుంది.

తేదీ, టైం చూడండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి కొన్నాళ్ళు పక్కన పడ్డ ఫోన్‌లో తేదీ ఎక్కడో ఉంటుంది. యాప్ సర్వర్‌తో మాట్లాడే ముందు దాని సర్టిఫికెట్ గడువు చూస్తుంది. మీ ఫోన్ తేదీ తప్పయితే మంచి సర్టిఫికెట్ కూడా గడువు తీరినట్టో, ఇంకా మొదలు కానట్టో కనిపిస్తుంది, మాట అక్కడే ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో తేదీ, టైంను ఆటోమేటిక్‌లో పెడితే చాలు.

జాగా చూడండి. మామ ఫోన్ అసలు జబ్బు ఇక్కడ మొదలైంది. 64 జీబీ ఫోన్‌లో మిగిలింది 300 ఎంబీ కూడా లేదు. పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ వీడియోలు, పెళ్ళి వీడియోలు, అన్నీ వాట్సాప్ దించిపెట్టింది. జాగాకూ లాగిన్‌కూ ఏం సంబంధం అంటారా?

ఆర్టీసీ బస్ పాస్‌తో పోల్చుకోండి. కాలేజీ పిల్లలు కౌంటర్‌లో బోనఫైడ్ ఒకసారి చూపించి పాస్ తీసుకుంటారు. రోజూ కండక్టర్‌కు చూపించేది పాసే. యాప్ కూడా అంతే. పాస్‌వర్డ్ మీరు ఒక్కసారి కొడతారు, సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది, యాప్ దాన్ని ఫోన్‌లో రాసి దాచుకుని ప్రతిసారీ అదే చూపిస్తుంది. రాసుకోవడానికి జాగా లేకపోతే ఆ పాస్ సగమే అచ్చవుతుంది. బోనఫైడ్ నిజమైనదే అయినా చిరిగిన పాస్ పట్టుకుని ఎక్కితే కండక్టర్ దింపేస్తాడు కదా, అట్ల యాప్ మిమ్మల్ని లాగిన్ పేజీకి దింపేస్తుంది.

మామ వాట్సాప్‌లో వీడియోలు తీసేస్తే నాలుగు జీబీ ఖాళీ అయింది. ఫోన్ ఆపి ఆన్ చేసినం. అయినా అదే పాట. చిరిగిన పాస్ ఇంకా లోపలే ఉంది మరి.

కాష్ తీయడం

యాప్ ఐకాన్ మీద వేలు నొక్కిపట్టి `App info` తెరవండి. ముందు `Force stop` నొక్కండి. యాప్ వెనకాల నడుస్తుండగా తీస్తే మళ్ళీ నింపుకుంటుంది. తర్వాత `Storage & cache` లోపలికి పోతే రెండు బటన్లు ఉంటాయి: `Clear cache`, `Clear storage`. రియల్‌మీ, ఒప్పోలో ఆ పేజీని `Storage usage` అంటారు. పాత ఫోన్లలో `Clear storage` బదులు `Clear data` అని ఉంటుంది. షావోమీలో జాగ్రత్త. యాప్ పేజీ కిందే `Clear data` అని ఉంటుంది, నొక్కితే `Clear all data`, `Clear cache` అని రెండూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. తొందరలో పైది నొక్కినవాళ్ళు ఉన్నారు.

కాష్ అంటే యాప్ మళ్ళీ దించుకోగలిగిన సామాను: బొమ్మలు, పేజీలు. అది పోయినా ఏమీ నష్టం లేదు. యూజర్ డేటా అంటే మీ లాగిన్, సెట్టింగ్‌లు, ఇంకా పంపని లెక్కలు. `Clear storage` నొక్కితే అదంతా పోతుంది. బటన్ నొక్కే ముందు ఆ పేజీలోని అంకెలు చూడండి. మామ ఫోన్‌లో యూజర్ డేటా 18 ఎంబీ, కాష్ 112 ఎంబీ. కాష్ తీసినాక కాష్ అంకె సున్నాకు దగ్గరగా వచ్చింది, యూజర్ డేటా 18 అట్లనే ఉంది. అట్ల ఉంటే మీరు సరైన బటనే నొక్కినట్టు.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్తాను. లాగిన్ సమస్యకు కాష్ తీయడం ప్రతిసారీ మందు కాదు. ఎందుకంటే టోకెన్ ఉండేది కాష్‌లో కాదు, యూజర్ డేటాలో. పాత లాగిన్ పేజీ కాష్‌లో ఇరుక్కుంటేనే ఇది పనిచేస్తుంది. అయినా ముందు ఇదే చేయమంటాను, ఏమీ పోదు కాబట్టి. మామ ఫోన్‌లో ఏమీ మారలేదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. కొన్ని యాప్‌లలో లాగిన్ పేజీ యాప్‌ది కానే కాదు, క్రోమ్‌ది. లాగిన్ నొక్కగానే పైన వెబ్‌సైట్ అడ్రసు, ఎడమ పక్క ఇంటూ గుర్తు, కుడి పక్క మూడు చుక్కలు కనిపిస్తే అది క్రోమ్ పేజీ. అప్పుడు యాప్ కాష్ వందసార్లు తీసినా ఉపయోగం లేదు. పాత కుకీలు క్రోమ్‌లో ఉంటాయి. క్రోమ్ తెరిచి, మూడు చుక్కలు, `Settings`, `Site settings`, `All sites` లోపలికి పోయి, ఆ ఒక్క సైట్ పేరు వెతికి దాని డేటా మాత్రం తీసేయండి. క్రోమ్ మొత్తం ఊడ్చేస్తే మిగతా సైట్లన్నిటి నుంచీ బయటికి వచ్చేస్తారు. ఊడ్చే పేజీలో దాచుకున్న పాస్‌వర్డ్‌ల మీద టిక్ ఉంటే అవీ పోతాయి.

అప్‌డేట్

అప్‌డేట్ చేస్తే మీ డేటా పోదు. పాత ఇంటికి కొత్త తలుపులు పెట్టినట్టు, లోపల సామాను ఎక్కడిది అక్కడే. అందుకే డిలీట్ కంటే ముందు ఇది.

ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరవండి. `Update` కనిపిస్తే నొక్కండి. `Open` అని మాత్రమే ఉంటే మీ ఫోన్‌కు దొరికే చివరి వెర్షన్ అదే. కానీ అక్కడితో నమ్మకండి. `App info` పేజీ అడుగున వెర్షన్ నంబర్ ఉంటుంది. పనిచేస్తున్న ఫోన్‌లో నంబరుతో పోల్చండి. కొత్త వెర్షన్‌ను ఒకేసారి అందరికీ ఇవ్వరు, విడతలుగా వదులుతారు. ఫోన్ ఆండ్రాయిడ్ మరీ పాతదైతే అసలు రాకపోవచ్చు. సర్వర్‌ను మార్చి, పాత వెర్షన్‌ను ఆపేసిన రోజు పాత ఫోన్లన్నీ ఒక్కసారే బయట నిలబడతాయి.

యాప్‌తోపాటు `Android System WebView`, క్రోమ్ రెండూ అప్‌డేట్ చేయండి. యాప్ లోపల వెబ్ పేజీ కనిపించాలంటే వెబ్‌వ్యూ కావాలి. అది పాతబడినా, చెడినా లాగిన్ పేజీ తెల్లగా ఆగిపోతుంది, లేదా యాపే మూసుకుపోతుంది. 2021 మార్చిలో వెబ్‌వ్యూ అప్‌డేట్ ఒకటి తేడా కొట్టి, ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌లు టపటపా మూసుకుపోయాయి. గూగుల్ సరిచేసిన వెర్షన్ ఇచ్చేదాకా జనం తమ యాప్‌లనే తిట్టుకున్నారు. ఒకేసారి రెండు మూడు యాప్‌లలో లాగిన్ పేజీ తెల్లబడితే ముందు అనుమానించాల్సింది వెబ్‌వ్యూనే.

మామ ఫోన్‌లో జాగా లేక అప్‌డేట్ నెలల నుంచి ఆగిపోయి ఉంది. ఇప్పుడు జాగా ఉంది కాబట్టి మా షాపు వైఫైలో దిగింది. తెరిస్తే లాగిన్ అయింది. ఇరుక్కున్న రెండు పూటల లెక్క మా కండ్ల ముందే ఆఫీసుకు పోయింది. నేను ఊపిరి పీల్చుకున్న. మామ టీ చెప్పిండు.

అప్‌డేట్ దొరకడం లేదని ఎవరైనా వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపితే ఎక్కించకండి. చలాన్ పేరు మీద, పీఎం కిసాన్ పేరు మీద తిరిగే ఏపీకే ఫైళ్ళు ఫోన్‌లోని మెసేజ్‌లు చదివి, ఓటీపీలు లాగి ఖాతాలు ఊడ్చేసినవి. ఆఫీసు నిజంగా ప్లే స్టోర్‌లో లేని యాప్ ఇస్తే అది ఆఫీసు వెబ్‌సైట్ నుంచే తీసుకోండి, పాతదాని మీదే ఎక్కించండి. అసలు కంపెనీ ఫైలే అయితే రెండింటి మీద కంపెనీ వేసిన డిజిటల్ సంతకం ఒకటే కాబట్టి పాత డేటా నిలుస్తుంది. `App not installed` అని వచ్చి, పాత ప్యాకేజీతో పొసగడం లేదని చెప్తే సంతకం వేరేది అయి ఉండొచ్చు. పాతది తీసేసి బలవంతంగా ఎక్కించే ముందు ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. పొరపాటున దొంగ ఏపీకే ఎక్కించి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

డిలీట్‌కు ముందు

మామ కథ టీతో అయిపోలేదు. తెల్లారి పొద్దున పాలు పోయించుకునే వేళకు మళ్ళీ `Session expired`. కొత్త వెర్షన్ వచ్చినా లోపలి చిరిగిన ఫైల్ అట్లనే ఉందని నా అంచనా. ఇక డిలీట్ చేయక తప్పదు. ఈసారి భయం లేదు, ముందురోజు లెక్క ఆఫీసుకు చేరింది. ఆ పొద్దటి పాలు మామ నోటు పుస్తకంలో రాసుకున్నడు.

మీరు డిలీట్‌కు పోయే ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేనిది ఈ యాప్‌లో ఏముంది?

పంపని లెక్కలు, సర్వేలు, ఫోటోలు మొదటివి. యాప్‌లో ఎక్కడన్నా `Sync` లేదా `Pending` అని ఉంటే అక్కడ సున్నా చూడాలి. లాగిన్ పేజీ దాటి లోపలికి పోలేకపోతే సున్నా చూడలేరు. అప్పుడు పాలకేంద్రమైతే మిషన్ చీటీలు, రైతుల కార్డులు, సర్వే అయితే కాగితం రిజిస్టర్ చేతికి తెచ్చుకున్నాకే ముందుకు పోవాలి. అవీ లేకపోతే డిలీట్ చేయకండి. ఆఫీసు టెక్నికల్ వాళ్ళకు "పంపని డేటా ఉంది" అని ముందే చెప్పండి. వాళ్ళు తమ వైపు నుంచి సెషన్ తీసేసి కొత్తగా ఇస్తే ఒక్కోసారి లోపలికి పోనిస్తుంది.

రెండోది తిరిగి లోపలికి వచ్చే దారి. ఐడీ తెలుసా? పాస్‌వర్డ్ నిజంగా తెలుసా, ఫోన్ నింపుతుంటే మర్చిపోయారా? ఓటీపీ ఏ నంబరుకు వస్తుంది, ఆ సిమ్ ఎవరి దగ్గరుంది? ఒకామె యాప్ తీసేసినాక ఓటీపీ హైదరాబాద్‌లో ఉన్న మరిది నంబరుకు పోతుందని తెలిసింది. ఆయన డ్యూటీ దిగేదాకా సాయంత్రం వరకు కూర్చుంది. యూపీఐ యాప్‌లయితే ఓటీపీ రావడమే కాదు, మీ ఫోన్ నుంచి ఒక ఎస్ఎంఎస్ బయటికి పోవాలి. ఖాతాకు కలిపిన సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, రీఛార్జ్ బతికి ఉండాలి. మళ్ళీ ఎక్కించినాక మొదటి రోజు పంపే డబ్బుకు పరిమితి పడొచ్చు కాబట్టి, సంతలో పశువు కొనబోయే రోజు ఈ పని పెట్టుకోవద్దు. యూపీఐ పిన్ యాప్‌లో ఉండదు, బ్యాంకు దగ్గర ఉంటుంది. యాప్ తీస్తే పిన్ పోదు.

వాట్సాప్ అయితే చాట్ బ్యాకప్ చూసుకోకుండా ముట్టుకోకండి. ఆరంకెల కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్‌ను, దాని కోడ్‌లు గూగుల్ అకౌంట్‌లోనో ఇంకో ఫోన్‌లోనో కూడా ఉన్నాయని కండ్లతో చూడనిదే తీయకండి. అది పోతే మిగతా అకౌంట్ల తాళంచెవి పోయినట్టే.

ఆఖరుకు ఒకటి: ప్లే స్టోర్‌లో ఆ యాప్ ఇంకా ఉందో లేదో చూడండి. స్టోర్ నుంచి తీసేసిన యాప్‌ను మీ ఫోన్ నుంచి కూడా తీసేస్తే మళ్ళీ ఎక్కించడానికి ఏమీ ఉండదు.

తీసి ఎక్కించడం

ఐకాన్ నొక్కిపట్టి `Uninstall` కొట్టండి. కొన్ని యాప్‌లకు యాప్ డేటా ఉంచమంటారా అని చిన్న పెట్టె వస్తుంది. చెడింది డేటానే కాబట్టి టిక్ పెట్టొద్దు. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయండి. తర్వాత ప్లే స్టోర్‌లో వెతికేటప్పుడు మొదట కనిపించింది యాడ్ కావచ్చు. పేరు కింద ఉన్న కంపెనీ పేరు చూసి ఎక్కించండి.

ఇన్‌స్టాల్ అయ్యాక వెంటనే తెరవకండి. మామ తెరిచిండు. తెరవగానే లాగిన్ పెట్టెలో ఆయన ఐడీ ముందే నిండి ఉంది, కొట్టగానే అదే `Session expired`. "తీసేసి ఎక్కిస్తే కొత్తది కాదా ఇది?" అని మామ నన్ను పట్టుకున్నడు.

కొత్తదే, కానీ లోపలి సామాను పాతది. ఆండ్రాయిడ్ చాలా యాప్‌ల డేటాను, యాప్‌కు 25 ఎంబీ దాకా, మీ గూగుల్ అకౌంట్‌లో తనంతట తానే బ్యాకప్ చేసుకుంటుంది. అదే యాప్ మళ్ళీ ఎక్కించినప్పుడు మీరు తెరవకముందే దాన్ని తెచ్చి పెడుతుంది. మంచి డేటా అయితే మేలే. చెడ్డ ఫైల్ బ్యాకప్‌లోకి పోయి ఉంటే మాత్రం ఎన్నిసార్లు తీసి ఎక్కించినా అదే జబ్బు తిరిగి వస్తుంది. కొత్తగా ఎక్కించిన యాప్‌లో మీ ఐడీ ముందే కనిపించడం దీని గుర్తు. పాస్‌వర్డ్ మేనేజర్ కూడా ఐడీ చూపించొచ్చు కానీ, అది మీరు పెట్టె తట్టినాకే చూపిస్తుంది.

మందు చిన్నదే. ఇన్‌స్టాల్ అయినాక `App info`లోకి పోయి `Force stop`, తర్వాత `Clear storage` నొక్కండి. బ్యాకప్ నుంచి వచ్చిన పాత సామాను పోతుంది. అప్పుడు తెరవండి. మామ ఫోన్‌లో ఈసారి ఐడీ పెట్టె ఖాళీగా వచ్చింది. చేత్తో కొట్టినం, ఓటీపీ వచ్చింది.

తెరిచేటప్పుడు అడిగే పర్మిషన్లు చదివి ఇవ్వండి. హాజరు యాప్‌లకు లొకేషన్ లేకపోతే లాగిన్ దాటనివ్వవు, సిమ్‌తో ముడిపడ్డవి ఎస్ఎంఎస్, ఫోన్ పర్మిషన్ అడుగుతాయి. పాలలెక్క యాప్ మీ కాంటాక్ట్‌లు ఎందుకు అడుగుతుందో మాత్రం అడిగి తెలుసుకోండి.

మామకు ఓటీపీ తర్వాత కొత్త మాట వచ్చింది: `Device not registered`. ఇది చూసి బెదరొద్దు. కొన్ని యాప్‌లు మొదటిసారి తెరిచినప్పుడు ఆ ఫోన్‌కు తామే ఒక గుర్తింపు నంబర్ పెట్టుకుంటాయి. డేటాతోపాటు అదీ పోతుంది, ఆఫీసు లెక్కలో మీది ఇప్పుడు కొత్త ఫోన్. మళ్ళీ మళ్ళీ తీసి ఎక్కిస్తే ప్రతిసారీ కొత్త నంబర్ పుడుతుంది, పని ఇంకా చిక్కుపడుతుంది. అక్కడ ఆగి ఆఫీసుకు ఫోన్ చేసి "ఫోన్ అదే, యాప్ మళ్ళీ ఎక్కించినం, పాత డివైస్ తీసేసి దీన్ని కలపండి" అని చెప్పాలి. మామ సూపర్‌వైజర్‌కు చెప్పిండు, పగటి అన్నం వేళకు యాప్ తెరుచుకుంది. నోటు పుస్తకంలోని పొద్దటి పూట కూర్చుని ఎక్కించినం.

ఐఫోన్ వాళ్ళు మా దగ్గర తక్కువ, రెండు ముక్కల్లో చెప్తాను. అందులో ఒక్కో యాప్‌కు కాష్ తీసే బటన్ సెట్టింగ్స్‌లో ఉండదు. `Settings`, `General`, `iPhone Storage`లో యాప్ పేరు తట్టితే `Offload App`, `Delete App` ఉంటాయి. మొదటిది యాప్‌ను తీసి డేటాను ఉంచుతుంది కాబట్టి చెడిన డేటాకు మందు కాదు. రెండోది యాప్‌తో పాటు దాని డేటా తీస్తుంది. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

ఇన్ని చేసినా అదే ఫోన్‌లో కాకపోతే ఫోన్ రీసెట్ కొట్టొద్దు. ఆఫీసుకు రాయండి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్ నంబర్, ఎర్రర్ స్క్రీన్‌షాట్, ఏ టైంకు వచ్చింది, ఇంకో ఫోన్‌లో అయితుందా లేదా, ఇవి పెడితే వాళ్ళు తమ లాగ్‌లో ఆ నిమిషం వెతుక్కోగలరు. స్క్రీన్‌షాట్‌లో ఓటీపీ, పాస్‌వర్డ్ కనిపించకుండా చూసుకోండి. మామ ఇప్పుడు లెక్క ఆఫీసుకు ఎక్కిందో లేదో చూసుకున్నాకే క్యాన్లు బండికి ఎక్కిస్తున్నడు. వాట్సాప్‌లో వీడియోలు వాటంతట అవే దిగకుండా నేనే ఆపేసిన, ఆ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.